పప్పుగుత్తి చేతులు మారే చోట

"హాయ్ అండీ, ఈరోజు మన ఛానెల్‌కి ఒక స్పెషల్ గెస్ట్ వచ్చారు!" ఈ మాటతో మొదలయ్యే షార్ట్ వీడియోలు ఫోన్లో రోజూ ఎదురవుతూనే ఉంటాయి. ఇద్దరు నవ్వుతూ నిలబడతారు. ఒకరినొకరు పొగుడుకుంటారు. ఒకరు ఏదో చేసి చూపిస్తే రెండోవారు "వావ్, సూపర్ అండీ" అంటారు. చివర్లో చెరో వేలు చూపించి "వీళ్ల ఛానెల్ కూడా ఫాలో అవ్వండి" అంటారు. చూసేవాడు అప్పటికే పక్క వీడియోలోకి జారిపోయి ఉంటాడు.

ఇద్దరికీ విడివిడిగా లక్షల మంది అభిమానులు ఉండవచ్చు. అయినా కలిసి చేసినది ఎవరూ చూడరు. లోపం ముఖాల్లో ఉండదు, కాగితంలో ఉంటుంది. చాలా సందర్భాల్లో అసలు కాగితమే ఉండదు. "కలిసినప్పుడు ఏదో ఒకటి చేద్దాంలే" అనుకుని కెమెరా ఆన్ చేసేస్తారు.

మన దేశంలో 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ ఆగిపోయింది. ఆ జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. మొదట్లో షార్ట్ అంటే అరవై సెకన్లే. 2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ దాన్ని మూడు నిమిషాల దాకా పెంచింది. ఇద్దరు కలిసి పెట్టే పోస్టు ఇద్దరి పేజీల్లోనూ కనిపించే ఏర్పాటు ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుంచే ఉంది. అంటే కలవడానికి సాంకేతికంగా అడ్డంకులు లేవు. కలిశాక ఎవరు ఏ మాట అనాలి, ఆ మాట దగ్గర రెండోవారు ఎలా అందుకోవాలి అన్నదే అసలు పని.

ఒకే రంగంలో ఉన్న ఇద్దరు కలిస్తే ఈ పని కొంత తేలిక. రెండు వంట ఛానెళ్లు కలిస్తే చూసేవాళ్లూ వంట ఇష్టపడేవాళ్లే. కానీ వంట ఛానెల్ నడిపే ఒక అక్క, కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఒక లెక్చరర్ కలిశారనుకోండి. అక్క అభిమానులకు లిట్మస్ కాగితం అక్కర్లేదు. సార్ దగ్గర పాఠాలు వినే ఇంటర్ పిల్లలకు కందిపప్పు అక్కర్లేదు. ఈ రెండు గుంపులూ ఒకే యాభై సెకన్లు కదలకుండా కూర్చోవాలంటే, ఇద్దరికీ సగం సగం పంచి ఇస్తే కుదరదు. అక్క లేకపోతే సార్ మాటకు అర్థం ఉండకూడదు, సార్ లేకపోతే అక్క వంట ముందుకు సాగకూడదు.

ఈ జంటనే తీసుకుని ఒక షార్ట్ రాసి చూద్దాం. అక్కది రాజమండ్రి, సార్‌ది కరీంనగర్ అనుకుందాం. ఇద్దరూ ఒకచోట కలవలేరు. ఎవరి ఇంట్లో వారే, ఎవరి ఫోన్లో వారే తీసుకోవాలి.

రాయడం మొదటి మాట నుంచి మొదలుపెట్టకూడదు, చివరి మాట నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరి రంగాలూ నిజంగా ఒకదాన్నొకటి తాకే చోటు ఏదో వెతకాలి. వంటకూ రసాయనశాస్త్రానికీ అలాంటి చోటు మన ఇళ్లలోనే ఉంది. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పొయ్యాలి. ముందే పోస్తే ఎంతసేపు మరిగినా పప్పు పలుకుగానే ఉంటుంది. ఈ సంగతి పెద్దవాళ్లందరికీ తెలుసు. ఎందుకో మాత్రం ఎక్కువమందికి తెలియదు. గింజలోని కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడినీళ్లలో అది మెల్లగా కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. నీళ్లలో పులుపు ఉంటే ఆ కరగడం బాగా నెమ్మదిస్తుంది.

ఇక్కడితో ఆపితే వచ్చేది మామూలు షార్ట్. అక్క ప్రశ్న అడుగుతుంది, సార్ జవాబు చెబుతాడు, అయిపోతుంది. ఇందులో కొసమెరుపు మొత్తం సార్‌ది. అక్క మైకు పట్టుకున్న విలేకరి పాత్రకు పడిపోయింది. ఇద్దరికీ చెందిన కొస కావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. సార్ దగ్గర ఈ సమస్యకు పుస్తకంలోని విరుగుడు ఉంది. పులుపు ఆమ్లం కాబట్టి క్షారమైన వంటసోడా వేస్తే అది విరుగుతుంది, పప్పు మెత్తబడుతుంది. ఇది నిజమే. గిన్నెలో బుసబుసమని నురగ పొంగుతుంది కాబట్టి కంటికీ పండగే. అయితే పులుపు విరిగిన చింతపండు పప్పును నోట్లో పెట్టుకోవడం ఎవరి తరం? ఆ తీర్పు అక్క నాలుక చెప్పాలి. శాస్త్రం గెలిచింది, పప్పు ఓడింది. ఈ ముగింపును ఇద్దరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా సాధించలేరు. ఉమ్మడి కొసమెరుపు అంటే ఇదే.

ఇక అందింపు మాటలు. క్రియేటర్లు వీటిని హ్యాండాఫ్ లైన్లు అంటారు. ఒకరి వంతు ముగిసి రెండోవారి వంతు మొదలయ్యే చోట పలికే మాటలివి. ఇందులో మనకు పాత అనుభవం చాలానే ఉంది. బుర్రకథలో తంబుర పట్టుకున్న కథకుడు మధ్యలో ఉంటాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు లోకం పోకడ. కథ ఊపు మీద ఉన్నప్పుడు హాస్యగాడు అడ్డొచ్చి, జనానికి రావలసిన సందేహమే తాను అడుగుతాడు. ఆ సందేహం లేకపోతే కథకుడికి తర్వాతి మాట ఉండదు. పద్మశ్రీ షేక్ నాజర్ లాంటివారు ఊరూరా రాత్రుళ్లు జనాన్ని కూర్చోబెట్టిన కథల్లో ఈ అందింపుల పాత్ర తక్కువేమీ కాదు. అడ్డొచ్చినట్టే ఉంటుంది, నిజానికి కథకుడి చేతికి కథ అందించడమే అది.

షార్ట్‌లో చెత్త అందింపు మాట ఎలా ఉంటుందో అందరికీ తెలుసు: "దీని గురించి మన సార్‌ని అడిగి తెలుసుకుందాం." ఈ వాక్యం తీసేసినా వీడియోకు ఏ నష్టమూ రాదు. అంటే అది పని చెయ్యని వాక్యం. పైగా అది వినగానే "ఇక్కడ నాకు తెలిసిన ముఖం వెళ్లిపోతోంది" అని అక్క అభిమానికి సంకేతం అందుతుంది. వాళ్లు జారిపోయేది సరిగ్గా ఆ సెకనులోనే. మంచి అందింపు మాట ఒక కొరతను వదిలి వెళుతుంది. వాక్యం సగంలో ఆగుతుంది, లేదా చేతిలో వస్తువు అవతలికి పోతుంది, లేదా ఒకరు అన్నదాన్ని రెండోవారు కాదంటారు. ఆ కొరత తీరేదాకా చూసేవాడు కదలడు.

మన షార్ట్ స్క్రిప్టు ఇలా ఉండవచ్చు. అక్క గోదావరి యాసలో, సార్ కరీంనగర్ యాసలో మాట్లాడతారు. ఇద్దరినీ పుస్తక భాషలోకి దించకూడదు. ఎవరి ముఖం తెలియనివారికైనా రెండు గొంతులూ విడివిడిగా వినిపించేది యాస వల్లే.

గిన్నె దగ్గరి షాట్. అక్క పప్పుగుత్తితో ఎనుపుతుంటే పలుకులు పక్కకు జారిపోతుంటాయి.

అక్క: "నలభై నిమిషాలు ఉడికించానండీ. ఇదిగో, ఇంకా పలుకే! పప్పు పాతదంటారా?"

సార్ (ముందు గొంతు, తర్వాత ముఖం): "పప్పు మంచిదే అక్కా. చింతపండు ఎప్పుడేసిండ్రు?"

అక్క: "ముందే వేసేశాను. ఉడికాకే పులుసు పొయ్యమనేది మా అమ్మమ్మ. ఎందుకే అంటే మాత్రం..." (పప్పుగుత్తిని ఫ్రేము కుడివైపు బయటికి చాపుతుంది.)

సార్ (ఎడమవైపు నుంచి పప్పుగుత్తి అందుకుంటూ): "...పెక్టిన్. గింజలో ఇది జిగురు లెక్క ఉంటది. కరిగితేనే పప్పు మెత్తగైతది. పులుపు దాన్ని జల్ది కరగనియ్యది." (నీలం లిట్మస్ కాగితం పులుసులో ముంచితే ఎర్రబడుతుంది.) "అర చెంచా వంటసోడా ఏసి చూడుండ్రి." (పప్పుగుత్తిని తిరిగి ఇస్తాడు.)

అక్క సోడా వేస్తుంది. నురగ పొంగుతుంది. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎంతసేపు ఉడికించారో ఆ నిమిషాలు తెర మీద పడతాయి. పప్పుగుత్తి కింద పప్పు వెన్నలా అణుగుతుంది.

అక్క: "అయ్యబాబోయ్, మెత్తబడిపోయింది!"

సార్: "చెప్పిన గద!"

అక్క రుచి చూస్తుంది. ముఖం మారుతుంది. మళ్లీ రెండు సెకన్ల మౌనం.

అక్క: "మాస్టారూ... పప్పు ఉడికిందండీ. పులుసే చచ్చిపోయింది."

సార్ తన గిన్నెలోది నోట్లో పెట్టుకుని, మింగలేక: "అమ్మమ్మ చెప్పినట్టే ఏద్దాం అక్కా."

ఇందులో ఉన్నవి అటూ ఇటుగా యాభై అయిదు మాటలు. తెలుగు మాటలు పొడుగు. ఇంగ్లిషు వీడియోలు చూసి సెకనుకు మూడు మాటల లెక్క వేసుకుంటే మన నోరు తిరగదు. యాభై సెకన్ల వీడియోకు వంద మాటలు మించితే ఊపిరాడదు. అందులోనూ నురగకూ ముఖానికీ మౌనం వదలాలి కదా. రాసినదాన్ని కళ్లతో చదివి సరిపోయిందనుకోవద్దు. ఫోన్లో గడియారం పెట్టుకుని పైకి చదివి చూడాలి.

అందింపులు ఎక్కడున్నాయో చూడండి. మొదటిది కాదనడం. "పప్పు పాతదా" అంటే "పప్పు మంచిదే" అంటూ సార్ గొంతు ముఖం కంటే ముందు వస్తుంది. అక్క అభిమాని తల తిప్పేలోపు కొత్త మనిషి పరిచయం అయిపోయింది. పేరు, చదువు, ఛానెల్ ఏమీ చెప్పలేదు. అడిగిన ప్రశ్నను బట్టే విషయం తెలిసిన మనిషని అర్థమైంది. పేరు కావాలంటే తెర మీద చిన్న అక్షరాల్లో రెండు సెకన్లు వేస్తే చాలు. రెండోది సగంలో ఆగిన వాక్యం. "ఎందుకే అంటే మాత్రం" దగ్గర అక్క ఆగితే సార్ ఒక్క మాటతో పూరించాడు. అక్కడే పప్పుగుత్తి కూడా చేతులు మారింది. మూడోది సార్ ఇచ్చే పని, "ఏసి చూడుండ్రి." పాఠం అక్కడ ఆగి మళ్లీ వంటింట్లోకి వచ్చింది. నాలుగోది అక్క ఇచ్చే తీర్పు. దాని తర్వాత సార్‌కు మిగిలిన దారి ఒప్పుకోవడమే.

పప్పుగుత్తి రెండు ఊళ్ల మధ్య ఎలా చేతులు మారుతుంది? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అక్క చెయ్యి ఫ్రేముకు కుడివైపున భుజం ఎత్తులో బయటికి పోతే, సార్ చేతిలోకి అది ఎడమవైపు నుంచి అదే ఎత్తులో రావాలి. చూపులూ అంతే. అక్క కుడివైపు చూస్తే సార్ ఎడమవైపు చూడాలి. ఇద్దరూ ఒకే వైపు చూస్తే ఇద్దరూ కలిసి మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఇదంతా తలకిందులు. సెల్ఫీ కెమెరాతో తీసుకుంటే కొన్ని ఫోన్లు దృశ్యాన్ని అద్దంలోలా తిప్పి భద్రపరుస్తాయి. అప్పుడు కుడి ఎడమ అవుతుంది. ముందే ఒక తునక తీసి ఒకరికొకరు పంపి చూసుకోవాలి.

పప్పుగుత్తులు రెండూ ఒకే రకం కావాలని వేరే చెప్పక్కర్లేదు. కానీ ఎవరూ గుర్తుంచుకోని సంగతి ఇంకొకటి ఉంది. అక్క చేతిలోంచి వెళ్లేది పప్పు అంటుకున్న గుత్తి. సార్ చేతిలోకి వచ్చేది కొట్లోంచి తెచ్చిన పొడి గుత్తి అయితే మొత్తం మాయ విరిగిపోతుంది. కామెంట్లలో మొదట అదే పట్టుకుంటారు. సార్ కూడా ముందే గిన్నెలో పప్పు ఉడికించి, గుత్తికి కాస్త పూసుకోవాలి. ఎలాగూ చివర్లో రుచి చూసి ముఖం చిట్లించాలి కాబట్టి ఆయనకూ వంట తప్పదు.

మాటల టైమింగ్ కోసం సులువైన పద్ధతి ఒకటి ఉంది. ముందు ఇద్దరూ ఫోన్ కాల్లో స్క్రిప్టు చదివి ఆ ఆడియో రికార్డు చేసుకోవాలి. తీసేటప్పుడు రెండోవారి మాటలను ఒక చెవిలో వింటూ తమ మాటలు అనాలి. అప్పుడే "చెప్పిన గద!" అన్న మాటలో నిజమైన ఉడుకు వస్తుంది. ప్రతి ముక్కకూ ముందూ వెనకా అర సెకను ఖాళీ వదిలితే ఎడిటింగులో అతకడం కుదురుతుంది. టైల్స్ వేసిన వంటగదిలో గొంతు గంటలా మోగుతుంది, పుస్తకాల గదిలో మెత్తగా ఉంటుంది. ఇద్దరూ కాలరు మైకు వాడితే ఈ తేడా చాలా తగ్గుతుంది. పది సెకన్ల పాటు ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు కూడా రికార్డు చేసి పెట్టుకుంటే, మౌనం వచ్చే చోట శబ్దం ఒక్కసారిగా తెగిపోకుండా పరచుకోవచ్చు. తెలుగు అక్షరాలు తెర మీద వేసేటప్పుడు అడుగున వీడియో పేరు వచ్చే చోటునూ కుడిపక్క బటన్లు ఉండే చోటునూ వదిలెయ్యాలి. లేకపోతే "పులుసే చచ్చిపోయింది"లో సగం లైకు బటను కిందికి పోతుంది.

అన్నిటికంటే ముందు ప్రయోగం చేసి చూసుకోవాలి. స్క్రిప్టులో అర చెంచా సోడా అని రాశాం. చింతపండు ఎంత వేశారు, అది ఎంత పుల్లన అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. నిమ్మకాయంత చింతపండుకు చిటికెడు సోడా ఏ మూలకూ చాలదు. చాలకపోతే నురగ వస్తుంది గానీ పప్పు మెత్తబడదు. అప్పుడు కెమెరా ముందు అబద్ధం ఆడాల్సి వస్తుంది, లేదా కుక్కర్లో ఉడికించిన వేరే పప్పు తెచ్చి పెట్టాల్సి వస్తుంది. కుక్కరు వాడితే ఆ ఒత్తిడికీ వేడికీ తేడా కొంత కప్పడిపోతుంది కూడా. అందుకే మూతలేని గిన్నె. పక్కన చింతపండు వెయ్యని గిన్నె ఒకటి, అదే పప్పు, అన్నే నీళ్లు, అంతే మంట. చూసేవాడు వంటవాడైతే మొదట అడిగేది ఆ రెండో గిన్నె గురించే.

ఎవరి ఛానెల్లో పెట్టాలన్నది తర్వాతి పేచీ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పోస్టు ఇద్దరి పేజీల్లో కనిపిస్తుంది, లైకులూ కామెంట్లూ ఒకేచోట చేరతాయి. అక్కడ ఒకే మొదలు పెట్టక తప్పదు, పైన రాసిన గిన్నె షాట్ సరిపోతుంది. యూట్యూబ్‌లో విడివిడిగా పెట్టుకుంటే మొదటి మూడు సెకన్లు రెండు రకాలుగా తీసుకోవడం మంచిది. సార్ ఛానెల్లో గిన్నెలోకి దిగే లిట్మస్ కాగితంతో మొదలుపెట్టాలి: "ఈ కాగితం ఎర్రగైతే ఈ పప్పు జల్దీ ఉడకది." మిగతాది మొత్తం ఒకటే. తమకు తెలిసిన వస్తువు కనిపించాక ఇంటర్ పిల్లలు పప్పుగుత్తిని కూడా భరిస్తారు.

పెట్టాక ఎక్కడ పొరపాటు జరిగిందో గ్రాఫే చెబుతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది పక్కకు జరిపారు అన్న లెక్క ఉంటుంది. ఏ సెకనులో ఎంతమంది మిగిలారో చూపే గీత కూడా ఉంటుంది. మొదటి మూడు సెకన్లలోనే గీత కూలితే హుక్ పోయినట్టు. పెక్టిన్ మాట దగ్గర ఒక్కసారిగా పడితే అందింపు దెబ్బతిన్నట్టు, సార్ వివరణ పొడుగైనట్టు. నురగ దగ్గర గీత పైకి లేస్తే జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తున్నారన్నమాట. రెండు ఛానెళ్ల గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిలో మాత్రమే అందింపు దగ్గర పడిపోతే, ఆ ఛానెల్ మనిషి వెళ్లిపోయి కొత్త మనిషి వచ్చిన తీరులో తేడా ఉంది.

ఇంతదాకా రాకుండా కాగితం మీదే పట్టుకునే పరీక్ష ఒకటుంది. స్క్రిప్టులో ఒకరి మాటలన్నీ చెయ్యి అడ్డంపెట్టి మూసెయ్యండి. మిగిలిన మాటలతో కథ నడుస్తుందా? నడిస్తే మూసినవారు అతిథి మాత్రమే, తిరగరాయాలి. మన స్క్రిప్టులో సార్‌ని మూస్తే అక్క ఉడకని పప్పు ముందు నిలబడిపోతుంది. అక్కను మూస్తే సార్ సోడా వేసి గెలిచానని ఇంటికి వెళ్లిపోతాడు, పప్పు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. రెండో పరీక్ష పేర్లు మార్చడం. అక్క మాట సార్ నోట్లో పెట్టినా అతికితే, ఆ మాట ఎవరిదీ కాదు.

డబ్బు, హక్కుల సంగతి స్క్రిప్టు పూర్తయ్యేలోపే తేల్చుకోవాలి. చివరి ఎడిట్ ఎవరి చేతిలో ఉంటుంది, మధ్యలో పప్పు బ్రాండు ఎవరైనా ముందుకొస్తే ఒప్పుకోవాలా, ఒప్పుకుంటే ఆ సొమ్ము ఎలా పంచుకోవాలి అన్నవి ఒక వాట్సాప్ మెసేజిలోనైనా రాసి పెట్టుకోండి. బ్రాండు డబ్బిచ్చినప్పుడు అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా చెప్పాలని మన ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. ఇద్దరి పేజీల్లో కనిపించే పోస్టుకు ఇద్దరూ జవాబుదారులే.

కామెంట్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మా బోరు నీళ్లలో చింతపండు వెయ్యకపోయినా పప్పు ఉడకట్లేదు, ఎందుకు?" బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పెక్టిన్‌ని పట్టుకుని ఇంకా గట్టిపరుస్తాయి. ఆ ప్రశ్నకు కామెంటులో జవాబు ఇచ్చేసి చెయ్యి దులుపుకోవద్దు. రెండో షార్ట్ అదే, ఈసారి సార్ ఇంట్లో ఉడకని పప్పుతో మొదలుపెట్టండి.